వయసెంతని అడిగితే సుమారుగా చెప్పకండి

జిల్లా కోర్టులో మోటారు ప్రమాదాల కేసులు నడిపే వకీలుని. నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబం మొదట అడిగేది ఒక్కటే. "ఎంత వస్తుందండీ?" చాలామంది జడ్జిగారు జాలిపడి ఒక మొత్తం రాస్తారనుకుంటారు. మంచి వకీలు గట్టిగా వాదిస్తే ఎక్కువ వస్తుందనుకునేవారూ ఉన్నారు. నిజానికి రోడ్డు ప్రమాదంలో మనిషి పోయినప్పుడు వచ్చే పరిహారం చాలావరకు ఒక లెక్క. ఐదో తరగతి పిల్లవాడు చేయగలిగిన కూడికలు, గుణకారాలే అందులో ఉంటాయి. అయితే ఆ లెక్కలో వేసే ప్రతి అంకె వెనక ఒక కాగితం ఉండాలి. అది లేకపోతే అంకె తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందో ఈ రోజు ఒక ఉదాహరణతో చెబుతాను. వీలైతే ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఒక తాపీ మేస్త్రి ఉన్నాడనుకుందాం. వయసు 38. భార్య, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి ఉన్నారు. పని ముగించుకుని మోటార్ సైకిల్ మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. ఆసుపత్రికి చేరకుండానే ప్రాణం పోయింది. నెలకు 20,000 రూపాయలు ఇంటికి తెచ్చేవాడు. జీతం చీటీ లేదు, నియామక పత్రం లేదు, కూలి డబ్బు చేతికి తీసుకునే మనిషి.

ఇప్పుడు లెక్క మొదలుపెడదాం. దీనికి దారి చూపించిన తీర్పులు రెండు. 2009లో సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో ఇచ్చింది ఒకటి, 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇచ్చింది ఇంకొకటి. దేశంలో ఏ ట్రిబ్యునల్ అయినా ఈ రెండింటి ప్రకారమే పోతుంది.

మొదట నెల ఆదాయాన్ని ఏడాదికి తేవాలి. నెలకు 20,000 అంటే ఏడాదికి 2,40,000. మేస్త్రి బతికుంటే కూలి ఎప్పటికీ అంతే ఉండేది కాదు, పెరిగేది. అందుకని భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద కొంత శాతం కలుపుతారు. సొంతంగా పని చేసుకునేవారికి 40 ఏళ్ల లోపు అయితే 40 శాతం, 40 నుంచి 50 మధ్య అయితే 25 శాతం, 50 నుంచి 60 మధ్య అయితే 10 శాతం. పర్మనెంటు ఉద్యోగం ఉన్నవారికి ఇదే 50, 30, 15 శాతాలు. మన మేస్త్రికి 38 కాబట్టి 40 శాతం కలిపితే ఏడాదికి 3,36,000 అవుతుంది.

ఇందులో మేస్త్రి తన తిండికి, బట్టకి, తిరుగుడికి ఖర్చు పెట్టుకునేది కుటుంబానికి చేరేది కాదు కదా. దాన్ని తీసేయాలి. ఎంత తీయాలన్నది ఆయన మీద ఆధారపడినవారి సంఖ్యను బట్టి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే నాలుగో వంతు, ఆరుగురు దాటితే ఐదో వంతు తీస్తారు. పెళ్లికాని కుర్రాడైతే మామూలుగా సగం తీసేస్తారు. ఇక్కడ భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి కలిసి నలుగురు. నాలుగో వంతు పోగా కుటుంబానికి ఏడాదికి అందేది 2,52,000.

దీన్ని ఎన్నేళ్లకు లెక్కకట్టాలి? మేస్త్రి 60 ఏళ్ల దాకా పని చేసేవాడనుకుంటే ఇంకా 22 ఏళ్లు. కానీ కోర్టు 22తో గుణించదు. 22 ఏళ్లలో కొంచెం కొంచెంగా రావలసిన డబ్బు ఇప్పుడే ఒక్కసారిగా చేతికొస్తుంది, బ్యాంకులో వేస్తే వడ్డీ కూడా వస్తుంది. అందుకని వయసుని బట్టి ఒక గుణకం పెట్టారు. 15 నుంచి 25 ఏళ్ల వారికి 18. అక్కడి నుంచి వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ పోతుంది. 36 నుంచి 40 మధ్య 15, 41 నుంచి 45 మధ్య 14, 65 దాటితే 5. మన మేస్త్రికి 15. 2,52,000ని 15తో గుణిస్తే 37,80,000.

దీనికి అంత్యక్రియల ఖర్చు, ఆస్తి నష్టం అనే రెండు పద్దులు, తోడు కోల్పోయినందుకు భార్యకు, తండ్రిని కోల్పోయినందుకు పిల్లలకు, కొడుకుని కోల్పోయినందుకు తల్లికి తలా ఒక మొత్తం కలుస్తాయి. 2017లో అంత్యక్రియలకు 15,000, ఆస్తి నష్టానికి 15,000, తోడు కోల్పోయినందుకు 40,000 అని పెట్టి, మూడేళ్లకోసారి 10 శాతం పెంచమన్నారు. రెండుసార్లు పెరిగిన లెక్కన ఇవి 18,150, 18,150, 48,400. నలుగురికీ కలిపి ఈ పద్దులన్నీ 2,29,900 అవుతాయి. మొత్తం 40,09,900 రూపాయలు. పిటిషన్ వేసిన రోజు నుంచి దీని మీద కోర్టు వేసే వడ్డీ వేరే.

ఇదీ న్యాయంగా రావలసింది. ఇక ఇదే కుటుంబానికి మామూలుగా ఏం జరుగుతుందో చెబుతాను.

ప్రమాదం జరిగిన మర్నాడు పొద్దున మార్చురీ దగ్గర శవపంచనామా జరుగుతుంది. భార్య మాట్లాడే స్థితిలో ఉండదు. హెడ్ కానిస్టేబులు కాగితాల అట్ట చేత్తో పట్టుకుని "వయసెంత?" అని అడుగుతాడు. పక్కనున్న ఏ బాబాయో, బావమరిదో "నలభై, నలభై రెండు ఉంటాయండి" అంటాడు. ఆయన 42 అని రాసుకుంటాడు. అదే అంకె డాక్టరుగారి పోస్టుమార్టం రిపోర్టులోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి ఛార్జిషీటులోకి వెళుతుంది. ఏడాది తర్వాత కేసు విచారణకు వచ్చేసరికి ప్రభుత్వ కాగితాలు మూడింటిలో 42 అని ఉంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు ఆ మూడూ చూపిస్తాడు. మన దగ్గర వేరే రుజువు లేకపోతే కోర్టు 42 అనే తీసుకుంటుంది.

నాలుగేళ్ల తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ 40 దాటేసరికి రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. భవిష్యత్తు ఆదాయం 40 శాతం నుంచి 25కి పడిపోతుంది, గుణకం 15 నుంచి 14కి తగ్గుతుంది. అదే 20,000 ఆదాయంతో లెక్క వేసి చూడండి. 37,80,000 కాస్తా 31,50,000 అవుతుంది. బాబాయి నోటి మాటకి 6,30,000 రూపాయలు పోయాయి.

దీనికి విరుగుడు పదో తరగతి సర్టిఫికెట్. పది చదవకపోతే బడి వదిలినప్పుడు ఇచ్చిన టీసీ, లేదా బడి రిజిస్టరులోని పుట్టిన తేదీకి హెడ్ మాస్టరు ఇచ్చే ధ్రువపత్రం. ఆధార్ కార్డు సరిపోతుంది కదా అంటారు. 2024లో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రమాదం కేసులోనే ఆధార్ గుర్తింపుకి రుజువు తప్ప పుట్టిన తేదీకి రుజువు కాదని చెప్పి, బడి సర్టిఫికెట్‌లోని తేదీనే తీసుకుంది. మన పల్లెల్లో ఆధార్ తీసుకునేటప్పుడు ఎంతమందికి జనవరి 1 పుట్టినరోజుగా పడిందో మీకు తెలియనిది కాదు. బడి కాగితం దొరికితే దాన్నే ముందు పెట్టండి.

ఇక ఆదాయం సంగతి. భార్య బోనెక్కి "మా ఆయన నెలకు 20,000 తెచ్చేవాడు" అంటుంది. అవతలి వకీలు "దానికి ఏమైనా కాగితం ఉందా?" అని అడుగుతాడు. "లేదండి." అంతే. అప్పుడు కోర్టు తనంతట తాను ఒక అంచనా వేస్తుంది. కాగితం లేదని పరిహారమే లేదనడానికి వీల్లేదు, కనీస వేతనాలను చూసో, పనిని చూసో ఒక అంకె వేయాలి. మన ఉదాహరణలో అది 12,000 అనుకుందాం. వయసు 42, ఆదాయం 12,000తో మళ్లీ లెక్క వేయండి. ఏడాదికి 1,44,000. 25 శాతం కలిపితే 1,80,000. నాలుగో వంతు పోతే 1,35,000. 14తో గుణిస్తే 18,90,000. ముందు వచ్చిన 37,80,000లో సరిగ్గా సగం. అదే మనిషి, అదే లారీ, అదే కుటుంబం. చూపించలేకపోయిన కాగితాలు మాత్రమే తేడా.

మేస్త్రికి జీతం చీటీ ఎక్కడిదంటారా? ఆయన ఆదాయానికి ఆనవాళ్లు వేరే చోట్ల ఉంటాయి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చిన లేబర్ కార్డు ఉంటే అది ఆయన వృత్తిని రుజువు చేస్తుంది. బ్యాంకు పాస్‌బుక్‌లో మూడేళ్ల ఎంట్రీలు వేయించండి. కూలి ఫోన్ ద్వారా వేసినవారుంటే ఆ వివరాలన్నీ బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపిస్తాయి. బండికో, ఇంటికో అప్పు తీసుకుని ఉంటే ఆ ఫైల్లో ఆయన ఆదాయం రాసి సంతకం పెట్టి ఉంటాడు, ఆ ఫైలు కోర్టుకి తెప్పించమని అడగవచ్చు. కట్టిన వాయిదాలు, పిల్లల బడి ఫీజు రశీదులు, చిట్టీ పాసుపుస్తకం, ఇవన్నీ ఆ ఇంట్లో నెలకు ఎంత తిరిగేదో చెబుతాయి. వీటన్నిటికంటే బరువైనది పని ఇచ్చిన కాంట్రాక్టరు సాక్ష్యం. ఊరికే తెల్లకాగితం మీద "నెలకు 20,000 ఇచ్చేవాణ్ని" అని సంతకం పెట్టిస్తే చాలదు. ఆయన కోర్టుకి వచ్చి, హాజరు పట్టీ చూపించి, అడ్డు ప్రశ్నలకు జవాబు చెబితేనే ఆ కాగితానికి విలువ.

దుకాణం నడిపేవారు, చిన్న వ్యాపారులు ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తుంటే అవి చాలా బలమైన రుజువు. అయితే మనిషి బతికుండగా వేసినవి కావాలి. పోయిన తర్వాత ఎక్కువ ఆదాయం చూపిస్తూ వేసిన రిటర్నుని కోర్టు అనుమానంగానే చూస్తుంది. ఇంటిపని చేసుకునే ఇల్లాలు పోతే ఆదాయం సున్నా అనుకునేవారున్నారు, అది తప్పు. ఇంటి చాకిరీకి కూడా విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2001 నుంచీ చెబుతూనే ఉంది, ట్రిబ్యునళ్లు కడుతున్నాయి కూడా.

మూడో అంకె, ఆధారపడినవారి సంఖ్య. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు దీనికి పనికొస్తాయి. అత్తాకోడళ్లకి పడక, తల్లి పేరు చేర్చకుండా పిటిషన్ వేయించే ఇళ్లు నేను చూశాను. అలా చేస్తే నలుగురి బదులు ముగ్గురవుతారు, నాలుగో వంతు బదులు మూడో వంతు కోత పడుతుంది. మన లెక్కలో 37,80,000 కాస్తా 33,60,000కి దిగుతుంది. తల్లిని వదిలేస్తే కోడలికి మిగిలేదేమీ లేదు, మొత్తం మీదే 4,20,000 పోతుంది. పైగా ఆ తల్లి తర్వాత వేరే వకీలుని పెట్టుకుని కేసులో దూరితే గొడవ ఇంకా ముదురుతుంది.

ఇంకొక మాట. ఎల్‌ఐసీ పాలసీ డబ్బు వచ్చిందని చెబితే పరిహారంలో కోస్తారేమోనని కొందరు దాచిపెడతారు. కోయరు. జీవిత బీమా ఆయన కట్టుకున్న డబ్బుకి ప్రతిఫలం, దానికీ ప్రమాదానికీ లంకె లేదని సుప్రీంకోర్టు 1998లోనే తేల్చింది.

ఇప్పటిదాకా ఎంత అన్నది చూశాం. ఎవరిస్తారన్నది పోలీసు కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. ఎఫ్‌ఐఆర్, స్థలం దగ్గర రాసిన పంచనామా, దానితో ఉండే చిత్రపటం, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు బండిని చూసి ఇచ్చే ఎంవీఐ రిపోర్టు, చివరికి ఛార్జిషీటు. వీటి సర్టిఫైడ్ కాపీలు తీసుకోవాలి. అందరూ ఎఫ్‌ఐఆర్ ఒక్కటే భద్రంగా దాస్తారు. నేనైతే చిత్రపటాన్ని ముందు చూస్తాను. లారీ ఎక్కడ ఆగింది, బండి ఎక్కడ పడింది, టైరు జాడలు రోడ్డుకి ఏ పక్కన ఉన్నాయి అన్నది అందులో ఉంటుంది. తప్పు చనిపోయినవాడిదే అని కంపెనీ వాదించినప్పుడు మనకి అండ ఆ బొమ్మే. ఎంవీఐ రిపోర్టులో లారీకి ముందువైపు సొట్ట పడిందా, మోటార్ సైకిల్‌కి వెనక భాగం నుజ్జయిందా అని ఉంటుంది. వెనక నుంచి గుద్దాడని భార్య చెప్పినదానికి అది నిలబడి సాక్ష్యం చెబుతుంది.

కంపెనీలు ఎక్కువగా పట్టుకునే లోపం ఒకటుంది. మొదటి ఫిర్యాదులో "గుర్తు తెలియని వాహనం" అని రాయించి, నెల తర్వాత ఒక లారీ నంబరు బయటికి రావడం. అప్పుడు డబ్బు కోసం లారీని ఇరికించారంటారు. చూసినవాళ్లెవరైనా ఉంటే నంబరు మొదటి ఫిర్యాదులోనే రాయించండి. చూసినవాడి పేరు కూడా రాయించండి. నంబరు నిజంగా తెలియకపోతే ఊహించి చెప్పకండి. గుద్దిన బండి చివరికీ దొరక్కపోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి 2,00,000, తీవ్ర గాయాలకు 50,000 వస్తాయి. దాని దరఖాస్తు వేరు.

నంబరు తెలిస్తే ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి, ఆ రోజుకి ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. డ్రైవరుకి లైసెన్సు లేదని కంపెనీ చెప్పినంత మాత్రాన దిగులు పడొద్దు. అలాంటి చోట చాలాసార్లు ముందు బాధితులకు కట్టి, తర్వాత లారీ యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టు కంపెనీకి చెబుతుంది. ఆ రోజుకి పాలసీయే లేకపోతే మాత్రం కష్టం, యజమాని ఆస్తి వెంట పడాలి. ఇక సొంత తప్పుతో తానే పడిపోయినవాడికి ఎదుటి బండి ఇన్సూరెన్స్ అంటూ ఉండదు. బండి ఆయన పేరునే ఉండి, సొంత ప్రమాద బీమా కట్టి ఉంటే, దాని కింద 15,00,000 వస్తుంది.

గాయపడి బతికినవారి లెక్క కొంచెం వేరు. అక్కడ మనిషి ఉన్నాడు కాబట్టి సొంత ఖర్చు కోత ఉండదు. ఆసుపత్రి బిల్లులు, పని పోయిన రోజులు, బాధకి పరిహారం, మనిషి తోడు ఖర్చు, ఇవన్నీ కలుస్తాయి. శాశ్వతంగా ఏదైనా అవయవం దెబ్బతింటే అసలు లెక్క అక్కడుంటుంది. సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం అని ఉంటే సంపాదన కూడా 40 శాతమే పోయిందని కాదు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగి, డ్రైవరు దాదాపు మొత్తం జీవనోపాధి పోగొట్టుకుంటారు. అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు. అందుకని ఆ సర్టిఫికెట్ ఒక్కటే పెట్టి ఊరుకోకూడదు. వైద్యం చేసిన డాక్టరు కోర్టుకి వచ్చి, ఈ మోకాలితో ఈ మనిషి పరంజా ఎక్కలేడు, గొంతుకూర్చోలేడు అని చెప్పాలి. మందుల బిల్లులు ఒరిజినల్స్ దాచండి. థర్మల్ కాగితం మీద అక్షరాలు ఆరు నెలలకే చెరిగిపోతాయి కాబట్టి వెంటనే జిరాక్సు తీయించండి. ఉచిత వైద్యం కింద ఆపరేషన్ జరిగినా డిశ్చార్జి సమ్మరీ పోగొట్టుకోవద్దు, గాయం తీవ్రతకి అదే ఆధారం.

ఇక గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తోంది కానీ దాన్ని నమ్ముకుని మీరు ఆగకండి. పోలీసులు కూడా 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కి పంపాలి. పంపారో లేదో స్టేషన్‌కి వెళ్లి కనుక్కోండి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే పిటిషన్ వేసుకోవచ్చు. విజయవాడ దగ్గర ప్రమాదం జరిగితే వరంగల్ ఇల్లాలు విజయవాడ చుట్టూ తిరగనక్కర్లేదు.

ఆసుపత్రి వరండాలోనే కొందరు మధ్యవర్తులు పలకరిస్తారు. ఖర్చంతా మేమే పెట్టుకుంటాం, వచ్చినదాంట్లో ఇంత వాటా ఇవ్వండి అంటారు, ఖాళీ కాగితాల మీద సంతకాలు అడుగుతారు. పెట్టకండి. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబరు 15100. లోక్ అదాలత్‌లో కంపెనీ రాజీకి వస్తే మంచిదే, డబ్బు త్వరగా వస్తుంది. కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. సంతకం పెట్టే ముందు ఇందాక చెప్పిన లెక్క మీ చేత్తో మీరు ఒకసారి వేసుకుని, వాళ్లు చెప్పే అంకెతో పోల్చి చూడండి.

చివరిగా ఒక్క మనవి. చుట్టాల్లోనో, వీధిలోనో ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే మీరు ముందు మార్చురీకి పరుగెత్తుతారు. దారిలో ఇంకొకరిని వాళ్ల ఇంటికి పంపి బీరువాలో పదో తరగతి సర్టిఫికెట్ వెతికించండి. పంచనామా దగ్గర వయసెంతని అడిగితే, ఆ కాగితం చూసి చెప్పండి.